‘ది’ కోసం ఎర్ర పెన్ను పట్టిన రోజులు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, కింద చెప్పుల షాపు, పైన మా కోచింగ్ సెంటరు. అక్కడ నేను ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పాను. చెప్పాను అంటున్నాను గానీ, నిజానికి మా డైరెక్టర్ గారు చెప్పమన్నదే చెప్పాను. ఆ మహానుభావుడికి ఇంగ్లీషు రాదు. రాదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. ఎండాకాలంలో కూడా టై కట్టుకుని, మెట్ల దగ్గర నిలబడి, వచ్చే పోయే పిల్లలకు ‘గుడ్ మార్నింగ్’ చెప్పేవాడు. మధ్యాహ్నం మూడింటికి కూడా గుడ్ మార్నింగే.

తెలంగాణ ఉద్యమం ఉడుకుమీద ఉన్న రోజులవి. వారంలో ఏ రోజు బస్సులు తిరుగుతాయో, ఏ రోజు బందో తెలిసేది కాదు. ఆయనదీ కోస్తా, నాదీ కోస్తా. ఎవరైనా వచ్చి అద్దాలు పగలగొడతారేమోనని ఆయనకు గుండెల్లో ఒకటే దడ. అందుకని కిటికీకి అడ్డంగా పెద్ద బ్యానరు కట్టించాడు: ‘వుయ్ సపోర్ట్ ది తెలంగాణ.’

“రాష్ట్రం పేరుకు ముందు ‘ది’ పెట్టరండీ,” అన్నాను.

“ఉండనీయండి మేడమ్ గారూ, గౌరవంగా ఉంటుంది,” అన్నాడు.

ఆయన లెక్కలో ‘ది’ అంటే మన ‘గారు’ అన్నమాట. ఎవరికి తగిలిస్తే వాళ్లకు మర్యాద. నోటీసు బోర్డు మీద ‘ది ఆల్ స్టూడెంట్స్ షుడ్ కీప్ ది సైలెన్స్’ అని రాసినవాడికి ఇంకేం చెప్తాం?

ఆయన సొంతంగా కనిపెట్టిన ఒక పసుపు కార్డు ఉండేది. చేరిన ప్రతివాళ్లకూ ఇచ్చేవాడు. తెలుగు వాక్యంలో ‘ఒక’ ఉంటే ఇంగ్లీషులో ‘ఎ’ పెట్టు. ‘ఒక’ లేకపోతే ‘ది’ పెట్టు. మాట అచ్చుతో మొదలైతే ‘యాన్’ పెట్టు. అంతే, అయిపోయింది ఆర్టికల్స్. ఆ కార్డు పుణ్యమా అని మా పిల్లలు ‘యాన్ యూనివర్సిటీ’ అనేవాళ్లు, ‘ఎ అవర్’ అనేవాళ్లు. చూడాల్సింది అక్షరాన్ని కాదు, నోట్లో పలికే శబ్దాన్ని అని చెప్తే, “కార్డులో అట్ల లేదు మేడం” అనేవాళ్లు. కార్డు లేని కాలంలో వచ్చినవాళ్లు ఇంకో రకం. వాళ్లు అసలేమీ పెట్టరు. ‘ఐ యామ్ స్టూడెంట్’, ‘హీ ఈజ్ గుడ్ బాయ్.’ తెలుగులో లేనిది వాళ్ల చెవికి వినిపించదు, పాపం. వాళ్ల మీద నాకు జాలి ఉండేది. కార్డు బ్యాచ్ మీద మాత్రం ఒళ్లు మండేది.

తెలుగులో ఆర్టికల్స్ ఎందుకు లేవు సార్ అని ఎవరైనా అడిగితే, డైరెక్టర్ గారి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. “మనది వెనకబడ్డ భాషండీ. క్లారిటీ ఉండదు.” ఛీ! పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా తెలుగులోనే బేరాలాడి, తెలుగులోనే తిట్టి, తెలుగులోనే బతికినవాడు అనాల్సిన మాటేనా అది? హిందీలో ఉన్నాయా? తమిళంలో ఉన్నాయా? రష్యన్‌లో లేవు, లాటిన్‌లో లేవు. వాళ్లందరికీ క్లారిటీ లేకుండానే రోజు గడిచిందా? ఇదంతా నేను మనసులోనే అనుకునేదాన్ని. పైకి మాత్రం తల ఊపేదాన్ని.

ఆ ఏడాది మా బ్యాచ్‌లో నాదర్‌గుల్ నుంచి ఒకావిడ చేరింది. ముప్పై దాటాయి. భర్త పోయాక పుట్టింటికి వచ్చింది. అన్నలు పొలాలను ప్లాట్లు చేసి అమ్ముకుని కార్లలో తిరుగుతున్నారు. వదినల చేతి అన్నం ఇంక తినలేనని, కోర్టులో అనువాదకురాలి ఉద్యోగానికి పరీక్ష ఫీజు కట్టింది. సాక్షులు తెలుగులో చెప్పినదాన్ని ఇంగ్లీషులోకి రాయాలి, అదీ పని. ఆ పరీక్ష ఉద్యమం గొడవల్లో రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి పోతే ఆమెకు వయసు దాటిపోతుంది. ఇంకో అవకాశం లేదు. ఆ మాట చేరిన రోజే నాతో చెప్పింది.

నిజం చెప్పొద్దూ, ఆమెను చూడగానే నేను పెదవి విరిచాను. పిల్లలతో పాటు ముందు బెంచీలో కూర్చుని, పెన్సిలుతో నోటు పుస్తకంలో గీతలు కొట్టుకునే మనిషికి ఇంగ్లీషు ఏం వస్తుందిలే అనుకున్నాను. డైరెక్టర్ గారిని వెక్కిరించే నా తెలివి అంతవరకే ఉంది మరి.

ఒక బంద్ రోజు షట్టరు సగం దించి క్లాసు పెట్టాం. ముగ్గురే వచ్చారు. ఆమె నాదర్‌గుల్ నుంచి ఎవరి బండి మీదో ఎల్బీనగర్ దాకా వచ్చి, అక్కడి నుంచి నడిచి వచ్చింది. చెమటలు తుడుచుకుని, కార్డు తీసి నా ముందు పెట్టింది.

“మేడం, నాకొక డౌటున్నది. నిన్న దొంగ ఒచ్చిండు అని తెలుగుల ఉన్నది. అండ్ల ‘ఒక’ లేదు. గీ కార్డు ప్రకారం పోతే ‘ది థీఫ్’ అని రాయాలె. అట్ల రాస్తే గా దొంగ అందరికీ ఎరుకైనోడు అయితడు గదా? ఎవ్వలో తెల్వని దొంగను ఎరుకైనోన్ని చేస్తే కోర్టుల ఎంత పరేషాన్ అయితది!”

ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి లేడు.

“మరి నువ్వెట్లా రాస్తావు?” అన్నాను.

“వినేటోళ్లకు గా మనిషి ముందుగాల్నే తెలుసా, తెల్వదా అని సూస్కుంట. తెల్వకపోతే ‘ఎ’. తెలిస్తే ‘ది’. గంతే.”

ఆరోజు నాకు పట్టలేనంత సంతోషం వేసింది. కార్డు పక్కన పడేసి, ఎనిమిదేళ్లుగా దిగమింగుకున్న పాఠమంతా చెప్పాను. బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. ‘ఇంట్లో కుక్క ఉంది.’ ‘కుక్క ఇంట్లో ఉంది.’ మొదటిది వింటే ఏదో ఒక కుక్క, లోపలికి వెళ్లేటప్పుడు జాగ్రత్త అని. రెండోది మనం వెతుకుతున్న కుక్కే, భయపడకు, దొరికింది అని. ఇంగ్లీషువాడు ‘ఎ’, ‘ది’ పెట్టి చేసే పనిని మనం మాటల వరస మార్చి చేసేశాం. ‘పుస్తకం చదివాను’ అంటే ఏదో పుస్తకం. ‘పుస్తకాన్ని చదివాను’ అంటే చాలాసార్లు మనకు తెలిసిన ఫలానా పుస్తకం. అదీ చాలకపోతే ‘ఆ’ అనీ ‘ఒక’ అనీ ఉండనే ఉన్నాయి. ఇంగ్లీషులో కూడా ‘ది’ పుట్టింది ‘ఆ’ లాంటి మాటలోంచే, ‘యాన్’ పుట్టింది ‘ఒకటి’ అనే మాటలోంచే. హల్లు ముందు దాని చివర నకారం రాలిపోయి ‘ఎ’ మిగిలింది. వాళ్లు ఆ మాటలను అరగదీసి ప్రతిచోటా తప్పనిసరి చేసుకున్నారు. మనం అవసరమైనప్పుడే వాడుకుంటున్నాం. లోటేమీ లేదు.

“అయితే మనకు లేక కాదు మేడం, అక్కర లేక,” అంది ఆమె. ఆ ఒక్క మాట కాగితం మీద రాసి డైరెక్టర్ గారి టైకి పిన్నుతో గుచ్చాలనిపించింది.

పరీక్షకు ముందు ఆదివారం మాక్ టెస్టు. మా సెంటర్లో ఒక ఆచారం ఉండేది. పేపర్లు దిద్దేటప్పుడు డైరెక్టర్ గారు రాసిన జవాబుల కీ పక్కన పెట్టుకోవాలి. కీలో ఉన్నదే రైటు. కీ తప్పని తెలిసినా సరే, ఎర్ర పెన్నుతో పిల్లల జవాబే కొట్టేయాలి. తర్వాత మార్కులు గోడకు అంటిస్తారు. కీని కాదన్న లెక్కల మాస్టారు ఒకాయన మరుసటి నెల నుంచి కనిపించలేదు. మాకందరికీ అది బాగా గుర్తుంది.

పేపర్లో ఉన్నది నాలుగు వాక్యాల సాక్ష్యం. ఊరి చివర ఇల్లు ఉంది. ఇంట్లో ముసలామె ఉంటుంది. నిన్న దొంగ వచ్చాడు. దొంగను ముసలామె చూసింది. నాదర్‌గుల్ ఆవిడ ముత్యాల్లా రాసింది. ‘ఎ హౌస్’, ‘యాన్ ఓల్డ్ ఉమన్’, ‘ఎ థీఫ్.’ చివరి వాక్యంలో మాత్రం ఇద్దరినీ ‘ది’తో పిలిచింది, అప్పటికి ఇద్దరూ మనకు తెలిసినవాళ్లే కాబట్టి. కీలో అన్నిటికీ ‘ది’. తెలుగులో ‘ఒక’ లేదుగా!

పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత కొట్టేశాను. మూడు చోట్ల మూడు ఎర్ర గీతలు. ఆమెకు తెలుసులే, నేను చెప్పానుగా, మార్కుల కోసం బాధపడే రకం కాదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం ఆమె పేపరు పట్టుకుని వచ్చింది. నా పక్కనే డైరెక్టర్ గారు నిలబడి ఉన్నారు.

“మేడం, ఏది రైటు? ఒక్కమాట చెప్పున్రి. పరీక్షల ఏది రాయాలె?”

డైరెక్టర్ గారు నా వంక చూశారు. ఆమె కూడా నా వంకే చూసింది.

“కీ ప్రకారమే వెళ్లమ్మా,” అన్నాను.

ఆమె పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత పిలిచి చెబుదాం అనుకున్నాను. తర్వాత రోజు బంద్, ఆ తర్వాత రోజు బంద్. ఫోన్ చేయొచ్చు. చేయలేదు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను, నాకూ సాకులు బాగానే వచ్చు.

ఫలితాలు వచ్చిన నాడు ఆమె సెంటరుకు వచ్చింది. లిస్టులో ఆమె నంబరు లేదు. ఏడవలేదు. స్టాఫ్ రూములో నా ఎదుట కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

“పరీక్షల గూడ గసుంటిదే ఒచ్చింది మేడం. ముందుగాల నేను అనుకున్నట్టే రాసిన. మల్ల మీరు కొట్టిన గీతలు యాదికొచ్చినయి. మేడం చెప్పినంక ఇంక నాదేంది అని, అన్నీ కొట్టేసి ‘ది’ పెట్టిన. బయటికొచ్చి వేరేటోళ్లను అడిగితే నేను ముందుగాల రాసిందే రైటంట. పోనీలే, మీరు గూడ మనిషే గదా, మీకు గూడ తెల్వనివి ఉంటయి.”

అక్కడితో ఊరుకుని ఉంటే నా పరువు దక్కేది. ఆమె నన్ను క్షమించేసింది కూడా. కానీ ఆ క్షమ నాకు దక్కాల్సింది కాదు. దాన్ని పట్టుకుని కూర్చోవడానికి నాకు సిగ్గేసింది.

“నాకు తెలుసమ్మా,” అన్నాను. “నువ్వు రాసిందే రైటని ఆరోజే తెలుసు.”

“తెలిసే కొట్టిన్రా?”

“అవును.”

ఆమె సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

“గా సారుకు ఏం తెల్వదు, అందుకే తప్పు చేసిండు. ఆయన మీద నాకు కోపం లేదు,” అంది. నన్ను మేడం అని పిలవకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.