మాట నాది, రిగ్గు వేరేవాళ్లది

కొమరోలు వైపు పనికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. "తనది కాని తప్పుకు సొంత ఖర్చుతో ఇంకో బోరు వేయించినాడబ్బా, ఇట్లాంటోళ్లు ఇప్పుడు యాడున్నారు?" అంటారు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వరు. నేను తలవంచుకుని తాగి వచ్చేస్తుంటాను. ఇంకో బోరు వేయించిన మాట నిజం. మిగతాది నిజం కాదు.

గిద్దలూరులో నాది బోర్ల కాంట్రాక్టు. బోరు తవ్వే రిగ్గు బండి సొంతంగా లేదు. రైతు దగ్గర పనంతా గంపగుత్తగా ఒప్పుకుంటాను. బోరు భూమిలోకి దించేది రిగ్గు బండివాళ్లు, మోటారు బిగించేది మెకానిక్కు. వాళ్లను పిలిచేదీ, వాళ్లకు డబ్బులిచ్చేదీ నేను. రైతుకు నా ముఖం ఒక్కటే తెలుసు. మా లైనులో అందరమూ ఇట్లాగే బతుకుతున్నాం.

ఆ కథలో బోరు వేయించుకున్నామెది కొమరోలు వైపు పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. భర్త మందతో కొండవైపు పోతే నెలకో రెండు నెలలకో వస్తాడు. సేద్యమంతా ఆమెదే. నాకన్నా పెద్దది, అక్కా అనేవాణ్ణి. మెట్టచేలో బత్తాయి మొక్కలు పెట్టి, పక్క రైతు బోరు నుంచి తడి తెచ్చుకుంటూ రెండేళ్లు సాకింది. ఆ బోరు అడుగంటింది. పొట్టేళ్లను అమ్మి నా దగ్గరికి వచ్చింది.

"నీళ్లు పడతాయా పడవా అన్నది నా చేతుల్లో లేదక్కా," అన్నాను. "పడితే మాత్రం మొక్క మొదట్లోకి పారేదాకా, ఆ పైన ఏడాదిపాటు, ఏం వచ్చినా నాది పూచీ."

"ఆ మాట చాలు నాయనా," అంది.

రిగ్గు వచ్చిన రోజు నేను బేస్తవారిపేట దగ్గర ఇంకో పనిలో ఉన్నాను. నీళ్లు ఎగజిమ్మే వీడియో ఫోనులో చూసి సంతోషపడ్డాను. కేసింగు పైపు ఎంత లోతు దిగిందని అడగనే లేదు. అక్కడ పైన ఎర్రమన్ను, దాని కింద చేత్తో నలిపితే పొడయ్యే పలకరాయి ఉంటుంది. ఆ పొర మొత్తం దాటి గట్టి బండ మీద పైపు కూర్చోవాలి. లేకపోతే గోడ జారి బోరులో పడుతుంది. రిగ్గువాళ్లు పైపును ఆ పొర మధ్యలోనే ఆపేశారు.

నెల దాటేసరికి మోటారు బురద పోసింది. తర్వాత ఆగిపోయింది. మెకానిక్కు లాగి చూసి, పైన పడ్డ మట్టికింద మోటారు ఇరుక్కుపోయిందని, రాదని చెప్పాడు. అప్పుడు మంచి ఎండాకాలం.

ఆమె ఫోన్ చేస్తే నేను చెప్పిన మాట ఇది: "కేసింగు వేసింది రిగ్గువాళ్లు కదక్కా. వాళ్ల నంబరిస్తా, గట్టిగా అడుగు."

"వాళ్లెవరు నాయనా? నేను పిలిచింది నిన్ను కదా."

"నేను మధ్యలో మనిషిని అక్కా."

నంబరు ఇచ్చి చేతులు దులుపుకున్నాను. రిగ్గు అప్పటికి రాష్ట్రం దాటిపోయింది. రెండు రోజుల తర్వాత ఆమే మళ్లీ చేసింది. "దొరికినాడు. వాడు అరవంలో ఏందో అన్నాడు, నేను తెలుగులో తిట్టినా. ఇద్దరికీ ఏమీ అర్థం కాలా. ఇప్పుడేం చేయాల?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మూడు వారాలు అట్లా తిప్పాను. ఒకసారి మెకానిక్కును అడగమన్నాను. ఊళ్లో అడిగినవాళ్లతో, మోటారు రాత్రీపగలూ ఆపకుండా నడిపి ఆమే చెడగొట్టుకుందని అన్నాను. అది పచ్చి అబద్ధం. ఎవరి ముందు అన్నానో వాళ్లందరికీ ఇప్పుడు ఈ రాతలో చెప్పుకుంటున్నాను.

ఒకరోజు ఆమె బస్సెక్కి గిద్దలూరులో నా దుకాణానికి వచ్చింది. కొంగులో నుంచి బత్తాయి కొమ్మ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ముట్టుకుంటే ఆకులు రాలిపోయాయి.

"దీన్ని ఎవరికి చూపించాల్నో చెప్పు, ఆడికే పోతా," అంది. "తోటలో పైవైపు అంతా ఇట్లనే అయితాంది. వినియోగదారుల కోర్టని ఒకటుందంట. నాకు దారి తెలియదు. నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

నా మీద వేసే కేసుకు నన్నే దారి అడుగుతోంది. ఎగతాళి అనుకున్నాను, కాదు. నిజంగానే అడిగింది. నీళ్లు తాగి వెళ్లిపోయింది.

మర్నాడు నాతో బడిలో చదివిన వకీలు దగ్గరికి పోయాను. తప్పించుకునే దారి కోసమే పోయాను, ఇంకే ఉద్దేశమూ లేదు.

"ఆమెకూ రిగ్గువాడికీ ఏం సంబంధంరా?" అన్నాడు.

"ఏమీ లేదు. ఒకరికొకరు తెలియదు."

"మరి వాణ్ణి పోయి ఏమని అడుగుతుంది? ఆమె ఒప్పందం నీతో. పని నువ్వు ఎవరి చేతన్నా చేయించుకో, అది నీ సౌకర్యం. నీ బదులు వాడు పాడుచేస్తే, ఆమె లెక్కలో నువ్వు పాడుచేసినట్లే."

"రాసుకున్న కాగితమేమీ లేదే?"

"నోటిమాట ఒప్పందం కాదా? డబ్బు ఫోనులో ఎవరికొచ్చింది? నీకా, వాడికా?"

నాకే వచ్చిందని ఒప్పుకున్నాను.

"ముందు ఆమె పని సరిచేసి ఇయ్యి. తర్వాత నీ నష్టం రిగ్గువాడి మీద వసూలు చేసుకో, ఆ హక్కు నీకుంది. కానీ వాడు నీకిచ్చేదాకా ఆమెను కాచుకొమ్మనేదానికి లేదు. ఇంకో సంగతి. బోరు చెడిందని తెలిసి కూడా నువ్వు తిప్పినావు చూడు, ఆ మధ్యలో చచ్చిన మొక్కలు కూడా నీ నెత్తినే పడొచ్చు." నేను లేస్తుంటే, "నువ్వు బీగం కొని, తాళంచెవి దుకాణపోడు కాక ఇంకోడు ఇస్తాడంటే ఊరుకుంటావా?" అన్నాడు.

ఆ సాయంత్రమే ట్యాంకరు మాట్లాడి తోటకు పంపాను. ఇంకో రిగ్గు పిలిపించి, పాత బోరుకు కొంచెం ఎడంగా కొత్తది వేయించాను. ఈసారి బండి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బయటికి వచ్చే పొడిని దోసిట్లో పట్టి చూస్తూ, గట్టి రాయి ముక్కలు వచ్చాకే కేసింగు ఆపనిచ్చాను. నీళ్లు పడ్డాయి. కొత్త మోటారు నేనే పెట్టించాను. ఆమె కాలువ వెంట నడుస్తూ పైవైపుకు పోయి, అక్కడ నిలబడిపోయింది. రెండు సాళ్లు పూర్తిగా ఎండిపోయాయి.

"మొక్కలు తెప్పించి నాటిస్తా అక్కా," అన్నాను.

"తెప్పిస్తావులే. రెండేళ్ల పెరుగుదల యాడ తెప్పిస్తావు?" అంది. కోపంగా కూడా అనలేదు.

మొదటి రిగ్గు యజమాని తర్వాతి సీజనుకు వచ్చాడు. బండి మీద పైపులు అయిపోయాయని, అవతల ఇంకో పార్టీ కాచుకుని ఉండటంతో పోయామని ఒప్పుకున్నాడు. పాపం, ఆయన పాట్లు ఆయనవి. నాకు వేరే రెండు పనులు ఊరికే చేసిచ్చి, నా నష్టంలో సగానికి పైగా సరిపెట్టాడు. అది ఆయనకూ నాకూ మధ్య సంగతి. మొదటి రోజు నుంచీ అది మా ఇద్దరి మధ్య సంగతే.

కొండ నుంచి దిగిన ఆమె భర్త, జరిగింది సగమే విని, తోటి మందలవాళ్లతో నా మంచితనం గురించి చెప్పాడు. వాళ్లతో పాటు కథ ఊళ్లు తిరిగింది. ఆమె దాన్ని సరిదిద్దలేదు, నేనూ సరిదిద్దలేదు. ఆమె ఎందుకు ఊరుకుందో తెలియదు. నేను ఎందుకు ఊరుకున్నానో తెలుసు.

ఈ ఏడు తోట తొలికాపు. రమ్మని ఆమె కబురు పెడితే వెళ్లాను. చెట్లన్నీ నా తల దాటి ఉన్నాయి. పైవైపు మళ్లీ నాటించిన రెండు సాళ్లు మాత్రం నా నడుము దాకా వచ్చాయి, ఒక్క పిందె లేదు. దారిన పోయే ఎవరికైనా ఆ తేడా కనిపిస్తుంది. ఆమె పెద్ద చెట్ల కాయలు సంచినిండా కోసి నా చేతికిచ్చింది.

"నేను చేసింది మంచితనం కాదక్కా," అన్నాను. "జనం ఏందేందో అనుకుంటున్నారు."

"నాకు తెలియదా నాయనా?" అంది. "ఆ పొట్టి చెట్లు కాపుకొచ్చినప్పుడు కూడా కబురు పెడతా. అప్పుడూ రా."