పసుపు పచ్చ వైరు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక మాట టైపు చేయకపోవడం. దాన్ని దాచడానికి ఇంకొకరిని బస్సు దిగేలా చేయడం అంతకంటే పెద్ద తప్పు. మొదటిది నా పనిలో ఎవరికైనా జరిగేదే. రెండోదాన్ని నేను తెలిసి చేశాను.

మాది ఇళ్లకూ ఆఫీసులకూ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ. నేను ఆత్మకూరు ఆఫీసులో కూర్చుని చుట్టుపక్కల మండలాల్లోని స్విచ్చులను, అంటే ఇంటర్నెట్‌ను ఇళ్లకు పంచే పెట్టెలను, చూసుకుంటాను. ఉదయగిరిలో ఎరువుల అంగడి మీద ఒక గది అద్దెకు తీసుకుని ఇనప బీరువాలో స్విచ్చులు పెట్టాం. ఆ గదిని చూసుకునే అతను నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అన్నా అంటాడు. గది తాళం అతని జేబులోనే ఉంటుంది.

ఆ బీరువాలో కన్సోల్ సర్వర్ అని ఒక పెట్టె ఉంది. దాని నుంచి ఒక్కో స్విచ్చికి ఒక్కో వైరు పోతుంది. ఆ పెట్టెకు సొంతంగా ఒక సిమ్ము ఉంటుంది. మా ఫైబరు కేబులు తెగినా, స్విచ్చి సెట్టింగు పాడైనా, ఆ సిమ్ము దారిలో లోపలికి పోయి, స్విచ్చి ముందు కూర్చున్నట్టే సరిచేయవచ్చు. అసలు దారి మూసుకుపోయిన రోజు కోసం పెట్టుకున్న వేరే దారి అది.

చిక్కల్లా, గోడల మధ్య, ఇనప బీరువాలో సిమ్ముకు సిగ్నల్ సరిగా అందేది కాదు. పెట్టె అందుబాటులో లేదని గంటకోసారి నా ఫోను మోగేది. ఒకసారి పనిమీద ఉదయగిరి పోయినప్పుడు విసుగొచ్చి, పసుపు పచ్చ వైరు ఒకటి తీసుకుని ఆ పెట్టె సిమ్ము మీద కాకుండా మా ఫైబరు మీదే నడిచేలా మెయిన్ స్విచ్చికే కలిపేశాను. ఫోను మోగడం ఆగింది. నా తెర మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది. మిద్దె మీద యాంటెన్నా పెట్టించాక తీసేద్దాం అనుకున్నాను. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

ఆ రోజు అతను సెలవు అడిగాడు. భార్యను నెల్లూరులో స్కానింగ్‌కు తీసుకుపోవాలి. అంతకుముందు రెండుసార్లు బిడ్డ నిలవలేదు. రెండుసార్లూ ఇదే స్కానింగ్‌లో, గుండె కొట్టుకోవడం లేదని చెప్పారు. ఈసారి స్కానింగ్ గదిలోకి భార్యను ఒంటరిగా పంపనని అతను ముందే మాటిచ్చాడు.

"పోయిరారా. ఏమన్నా అయితే నేను ఈడనుంచే చూసుకుంటా. కన్సోల్ సర్వర్ ఉండాది గదా" అన్నాను.

"అదుండబట్టే ధైర్యంగా పోతాండానన్నా" అన్నాడు.

వాళ్ల బస్సు ఉదయగిరి నుంచి బయలుదేరిన కాసేపటికి, ఒక బ్యాంకుకు కొత్త కనెక్షన్ ఇవ్వడానికి ఉదయగిరి మెయిన్ స్విచ్చిలోకి పోయాను. ఒకే ఫైబరులో వేర్వేరు నంబర్లతో అందరి దారులూ నడుస్తుంటాయి. ఉన్నవాటికి కొత్త నంబరును చేర్చమని చెప్పాలంటే ఆజ్ఞలో ఒక చిన్న మాట ఉండాలి. ఆ మాట మరిచాను. కొత్త నంబరు ఒక్కదాన్నే పోనిమ్మన్నట్టయింది. మిగిలినవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను లోపలికి పోయే దారి కూడా వాటిలోనే ఉంది.

కంగారు పడలేదు. కన్సోల్ సర్వర్‌కు కలపబోయాను. అందలేదు. మళ్లీ ప్రయత్నించాను. అప్పుడు గుర్తొచ్చింది పసుపు పచ్చ వైరు.

ఫోన్లు మొదలయ్యాయి. ఉదయగిరి ఆసుపత్రి, బ్యాంకు, ఆ తర్వాత మా మేనేజరు. స్విచ్చిని ఒకసారి ఆపి మళ్లీ వేస్తే చాలు. నేను చేసిన మార్పు అందులో సేవ్ కాలేదు గనుక పాత సెట్టింగుతోనే లేస్తుంది. కింద అంగడాయన్ను కరెంటు మెయిన్ ఆపమందామంటే, లోపల బ్యాటరీల మీద స్విచ్చి నడుస్తూనే ఉంటుంది. తాళం బస్సులో ఉంది.

ఆ బస్సు ఆత్మకూరు మీదుగానే నెల్లూరు పోతుంది. బస్టాండులో కాచుకుని తాళం తీసుకుని, నేనే బండి మీద ఉదయగిరి పోయి ఉండవచ్చు. ఇంకో రెండు గంటలు ఆలస్యమయ్యేది. ఎందుకాలస్యం అని మేనేజరు అడిగేవాడు. ఆ ప్రశ్నకు భయపడి అతనికి ఫోను చేశాను.

"ఉదయగిరి మొత్తం పడిపోయిందిరా. కరెంటు ప్రాబ్లం అనుకుంటా."

"కన్సోల్ సర్వర్?"

"అదీ అందడం లేదు."

బస్సు చప్పుడు వినిపిస్తూనే ఉంది. అతను ఫోను పక్కకు పెట్టి భార్యతో ఏదో అన్నాడు. ఆమె గొంతు వినిపించింది. "దిగు. నేనేమన్నా చిన్నపిల్లనా? ఆస్పత్రి నాకు తెలవదా? దిగి పో."

దిగాడు. ఎవరి బండో ఆపి వెనక్కి పోయాడు. నేను చెప్పినట్టే స్విచ్చి ఆపి మళ్లీ వేశాడు. అన్నీ తిరిగి వచ్చాయి.

"వచ్చేసిందన్నా" అన్నాడు ఫోనులో. "కరెంటు పోలేదే. బ్యాటరీలు నిండుగా ఉండాయి. ఆపి మళ్లీ వేస్తే సరైందంటే, ఎవరో సెట్టింగు మార్చినట్టే గదా?"

అతను బీరువాలో వైర్లు కదిపి చూస్తున్న చప్పుడు వినిపించింది.

"కన్సోల్ సర్వర్ వైరు మెయిన్ స్విచ్చికి పెట్టుండాదేందన్నా? ఇంటి తాళం ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టుండాది."

"నేనే పెట్టినానురా. సెట్టింగు మార్చింది కూడా నేనే. కరెంటని నీకు అబద్ధం చెప్పినా."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "బస్టాండులో తాళం ఇచ్చేవాణ్ణి గదన్నా" అని మాత్రం అన్నాడు.

తర్వాతి బస్సు పట్టుకుని అతను ఆత్మకూరులో దిగేసరికి స్కానింగ్ అయిపోయింది. తిరుగు బస్సెక్కానని మాత్రం ఆమె మెసేజ్ పెట్టింది. ఇద్దరం బస్టాండులో నిలబడ్డాం. నేను టీ తెస్తే తాగాడు. అప్పుడు ఆమె ఫోను వచ్చింది. అతను ఏమీ అడగకుండా వింటున్నాడు. కాసేపటికి ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. అవతల ఆమె గోరుతో ఫోను మీద టకటకమని కొడుతోంది. "ఇట్ట కొట్టుకుంటా ఉండాది, ఇంత జోరుగా" అంటోంది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ చప్పుడును అతను మొదటిసారి వినాల్సింది ఆ స్కానింగ్ గదిలో, ఆమె చేయి పట్టుకుని. నా వల్ల బస్టాండు గోలలో విన్నాడు.

బస్సు దిగిన ఆమెకు జరిగింది నేనే చెప్పాను. ఆమె నన్ను తేరిపార చూసింది.

"అట్టనా బావా? మంచి మాట చెప్పినారులే, ఆలస్యంగా" అంది. ఆ మాటలో వెటకారం ఉంది, కోపమూ ఉంది. అయినా సంచిలోంచి ఒక బత్తాయి తీసి నా చేతిలో పెట్టింది. స్కానింగ్ బల్ల మీద వెల్లకిలా పడుకుని, మూసి ఉన్న తలుపు వైపు చూస్తూనే ఉన్నానని అతనితో చెప్పింది.

ఆ సాయంత్రమే మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అరిచాడు. అరవనిచ్చాను. ఆ వారంలోనే ఉదయగిరి పోయి మిద్దె మీద ఇనప గొట్టానికి యాంటెన్నా బిగించి, వైరు గదిలోకి దించాను. సిగ్నల్ బాగా అందే వేరే కంపెనీ సిమ్ము వేశాను. పసుపు పచ్చ వైరు పీకేశాను. తర్వాత ఆత్మకూరుకు తిరిగొచ్చి, అతన్ని మెయిన్ ఫైబరు ఊడదీయమన్నాను. తెరమీద ఉదయగిరి మొత్తం ఎర్రగా మారింది. సిమ్ము దారిలో లోపలికి పోతే మెయిన్ స్విచ్చి పలికింది. నెలకోసారి అలా ఊడదీసి చూడటం ఇప్పుడు మా పనిలో భాగం.

అయినా తర్వాతి స్కానింగ్ రోజు ఆ పెట్టె మీదే భారం వేయలేదు. పొద్దున్నే ఉదయగిరి పోయి, వాళ్లిద్దరినీ బస్సెక్కించి, వాళ్లు తిరిగి వచ్చేవరకు స్విచ్చుల గదిలోనే కూర్చున్నాను.