చాటుమామ కాదనని పరీక్ష

పెట్రోలు ట్యాంకరు నడిపే ఆయన్ని డిపోలో అందరూ చాటుమామ అనేవారు. ఆ పేరు పెట్టింది సొంత బావమరిదే. ఇద్దరూ ఒకే కంపెనీలో డ్రైవర్లు. దారిలో బళ్లు ఆపుకుని అందరూ వరసగా నిలబడి పని కానిచ్చేస్తుంటే, మామ మాత్రం పొదలు దాటి, గట్టు దాటి, ఎవరి కంటికీ ఆననంత దూరం వెళ్లేవాడు.

“మామ ఏడి?” అని ఎవరైనా అడిగితే, “సరిహద్దు దాకా వెళ్లాడు. అక్కడ పాస్‌పోర్టు అడుగుతున్నారట,” అనేవాడు బావమరిది.

మామ తిరిగొచ్చి వాళ్లతోపాటు తనూ నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు? గోడ అవతల మనిషి అలికిడి వినపడితే చాలు, ఒంట్లో కొళాయి కట్టేసినట్టు అయిపోయేది. చిన్నప్పటినుంచీ అంతే. బడిలో సాయంత్రందాకా బిగబట్టుకుని ఇంటికి పరుగెత్తేవాడు. ఇది జబ్బని ఏనాడూ అనుకోలేదు. సిగ్గనుకున్నాడు. సిగ్గుకి మందిమ్మని డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్తారు?

మందు ముట్టడు. పొగాకు వాసనే పడదు. ఆయన బండికి గీత పడగా చూసినవాళ్లు లేరు. కొత్తవాళ్లకి మొదటి ప్రయాణం ఆయన పక్కనే కూర్చోబెట్టి పంపేవారు.

అలాంటి రోజుల్లో, పెట్రోలు మోసేవాళ్లందరికీ మత్తు పరీక్షలు జరిపించాలని చమురు కంపెనీ షరతు పెట్టింది. మేనేజరు డ్రైవర్లని షెడ్డులో కూర్చోబెట్టి చెప్పాడు. కంప్యూటరు ఎవరి పేరు తీస్తే వాళ్లు అప్పటికప్పుడే వెళ్లాలి. గొట్టంలో ఊదాలి, తర్వాత మూత్రం ఇవ్వాలి. మొదటిదాంట్లో మందు తెలుస్తుంది, రెండోదాంట్లో మిగతా మత్తులు తెలుస్తాయి.

“ఎవర్నీ బలవంతపెట్టట్లేదు. మీకు ఇష్టమైతేనే సంతకం పెట్టండి,” అన్నాడు.

“ఇష్టం లేకపోతే?” అని వెనక నుంచి పొడుగాయన అనే డ్రైవరు అడిగాడు.

“బండి తాళాలు ఇక్కడ పెట్టేసి వెళ్లొచ్చు.”

షెడ్డంతా ఘొల్లుమంది. మేనేజరు నవ్వలేదు. “సరదాకి చెప్పట్లేదు. పరీక్ష వద్దన్నా, మధ్యలో లేచి వెళ్లిపోయినా, దొరికిపోయినట్టే లెక్క. తర్వాత నన్ను అనొద్దు.”

మామ అందరికన్నా ముందు సంతకం పెట్టాడు. తాగనివాడికి భయమేంటనుకున్నాడు. కప్పులో పట్టడమంటే ఎలా పడతారో, ఆ తలుపు అవతల ఎవరు నిలబడతారో ఆయన తలపుకే రాలేదు.

ఆయన పేరు వచ్చింది. ట్యాంకరు దిగి అటునుంచి అటే క్లినిక్కుకి వెళ్లాడు. శాంపిళ్లు తీసే ఉద్యోగి చిన్నవాడు, మర్యాదస్థుడు. ఊదమన్నాడు. సున్నా వచ్చింది. “బాగుంది సార్,” అని జేబులు ఖాళీ చేయించాడు, చేతులు కడిగించాడు, కప్పు ఇచ్చాడు. లోపల కొళాయి కట్టేసి ఉంది. కమోడు తొట్టిలో నీళ్లకి నీలం రంగు కలిపారు. కప్పులో నీళ్లు కలపకుండా ఆ ఏర్పాటు.

“ఫ్లష్ నొక్కకండి సార్. నేను బయటే ఉంటాను.”

ఆ ఒక్క మాటతో అయిపోయింది. తలుపు కింద సందులోంచి ఆ అబ్బాయి బూట్ల నీడ కనపడుతోంది. మామ కళ్లు మూసుకున్నాడు. రోడ్డు తలుచుకున్నాడు, వాన తలుచుకున్నాడు. చుక్క రాలేదు. ఖాళీ కప్పుతో బయటికొచ్చాడు.

“పర్లేదు సార్, చాలామందికి అవుతుంది. నీళ్లు తాగుతూ కూర్చోండి. మూడు గంటల టైముంది. కానీ ఇక్కడినుంచి కదలకూడదు. వెళ్లిపోతే ఇవ్వనన్నట్టు రాయాల్సొస్తుంది.”

మామ నీళ్లు తాగాడు. మళ్లీ లోపలికెళ్లాడు, మళ్లీ వట్టి చేతులతో వచ్చాడు. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది, నుదుటిమీద చెమట పట్టింది. నిండిన కుండ మీద మూత బిగించినట్టుంది ఒళ్లు. ఆఖరికి నోరు తెరిచి అడిగాడు.

“బాబూ, రక్తం తీసుకో. కావాలంటే ఉమ్మి ఇస్తాను. నేను తాగలేదు, ఏం మింగలేదు. పక్కన మనిషుంటే నాకు రాదయ్యా. అంతే.”

ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది. “మీ కంపెనీ మూత్రమనే రాసింది సార్. వేరేది తీసుకునే అధికారం నాకు లేదు. మీరు చెప్పిందంతా రాస్తాను. తర్వాత డాక్టరు చూస్తారు.”

గడువు అయిపోయింది. మామ రోడ్డు దాటి, మూసేసిన గోదాము వెనక్కి వెళ్లాడు. అక్కడ ఎవరూ లేరు. ఒంట్లోని నీళ్లన్నీ పోయేదాకా నిలబడి, గోడకి తల ఆనించి ఏడ్చాడు.

ఆ వారంలోనే కంపెనీ ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపింది. ఆవిడ స్కానింగు చేయించింది, పొట్ట నొక్కి చూసింది, ఓపిగ్గా విన్నది.

“మూత్రపిండాలు బాగున్నాయి. ఎక్కడా అడ్డు లేదు. మీరు చెప్పే ఇబ్బంది నిజమే. ఉంటుంది కొందరికి. ఇంతకుముందు ఏ డాక్టరుకైనా చెప్పారా?”

“లేదమ్మా.”

“ఎక్కడైనా రాసి ఉందా?”

“సిగ్గుపడే విషయం కదమ్మా. ఎక్కడ రాయిస్తాను?”

ఆవిడ కలం కింద పెట్టింది. “అదే చిక్కు. పరీక్షకి ముందునుంచే ఉన్నట్టు ఆధారం ఉంటే ఒప్పుకుంటారు. పరీక్ష రోజు భయపడ్డానంటే ఒప్పుకోరు. లేని ఆధారం నేను పుట్టించలేను.”

ఆ విధంగా ఇవ్వలేకపోయిన మనిషి ఇవ్వనన్న మనిషయ్యాడు. మేనేజరు తాళాలు తీసుకుంటూ కళ్లలోకి చూడలేకపోయాడు. “నాకు తెలుసు పెద్దాయనా, మీరు అలాంటివారు కాదు. కానీ మిమ్మల్ని వదిలేస్తే రేపు నిజంగా తాగినవాడు కూడా రాలేదనే అంటాడు. వాణ్ణి ఎలా ఆపను?”

పెట్రోలు బండి నడిపినవాడు కాబట్టి, తాగినవాడి చేతిలో అది ఏమవుతుందో మామకి తెలుసు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ దర్జీ పని చేస్తుంది. మిషను ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

“నా మీద ఒట్టు. నిద్ర రాకుండా ఉండేందుకు ఏమైనా మింగుతున్నారా? డ్రైవర్లు మింగుతారట కదా.”

“నీకు తెలీదా నా సంగతి? నువ్వు వరండాలోకి వెళ్తే గానీ నేను బాత్రూములోకి వెళ్లను.”

“తెలుసు. తెలిసే అడుగుతున్నాను. దానికే ఉద్యోగం తీసేస్తారంటే ఎవరైనా నమ్ముతారా?”

బావమరిది అయితే నేరుగా అడగనూ లేదు. డిపోలో ఎవరో “మామ గుట్టుగా మత్తు పుచ్చుకునేవాడన్నమాట” అంటే, ఊరుకుండిపోయాడు. జోకులేసే నోరు ఆరోజు పెగల్లేదు. ఆ సంగతి పొడుగాయన వచ్చి చెప్పాడు. ఆరోజు మామ అన్నం ముట్టలేదు.

మళ్లీ బండెక్కాలంటే దారి ఒకటే ఉంది. మత్తుకి అలవాటుపడ్డవాళ్లని చూసే సలహాదారు దగ్గరికి వెళ్లాలి, ఆయన చెప్పిన తరగతులు పూర్తిచెయ్యాలి, ఆ తర్వాత ఇంకో పరీక్షలో నెగ్గాలి.

“లేని అలవాటు ఎలా మానను సార్?” అన్నాడు మామ.

సలహాదారు తల పంకించాడు. “అలవాటుందని నేను రాయను. కానీ మీ కాగితం మీద నిరాకరణ అని ఉంది. ఏదో ఒక తరగతి చెప్పకుండా పంపే వీలు నాకు లేదు. వచ్చి వినండి చాలు.” గొంతు తగ్గించాడు. “ఇంకోటి చెప్పాలి. తిరిగి చేరేటప్పుడు జరిగే పరీక్ష తలుపు చాటున జరగదు. మగ ఉద్యోగి ఒకరు లోపలే నిలబడి, కప్పులో పడటం కళ్లారా చూడాలి. చేరాక కూడా కొన్నాళ్లు అలాగే చేస్తారు.”

మామ నవ్వాడు. నవ్వు ఆపలేకపోయాడు. సలహాదారు మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపితే, దాన్ని చూసి ఇంకా నవ్వాడు.

తరగతులకి వెళ్లాడు. తాగి కాపురాలు కూల్చుకున్నవాళ్ల మధ్య కూర్చుని వాళ్ల కథలు విన్నాడు. తన వంతు వస్తే, “నాకు రాలేదండీ,” అనేవాడు. వాళ్లూ మొహమాటంగా తలూపేవారు. అబద్ధమాడేవాళ్లని చూడటం వాళ్లకి అలవాటే.

ఇంట్లో సాధన మొదలైంది. భార్య మొదట వరండాలో నిలబడింది, తర్వాత గదిలో, తర్వాత తలుపు బయట. “నేను చూడట్లేదండీ, బటన్లు కుడుతున్నాను,” అనేది. కొన్నిసార్లు వచ్చేది. తలుపు తీస్తే ఆగిపోయేది. ఒకరోజు బావమరిది తలదించుకుని వచ్చాడు. “బావా, నేను లోపల నిలబడతాను. నా ముందు అలవాటైతే ఎవరి ముందైనా అవుతుంది,” అన్నాడు. ఇరుకు బాత్రూములో ఇద్దరు నడివయసు మగాళ్లు, ఒకరు గోడ వైపు, ఒకరు బకెట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి బావమరిది నోరు విప్పాడు. “ఆ పేరు పెట్టింది నేనే కదా బావా.”

“పేరుదేముందిరా. బయటికి పద,” అన్నాడు మామ.

పరీక్ష రోజు వచ్చింది. అదే క్లినిక్కు. ఈసారి లోపల నిలబడే మనిషి వయసులో పెద్దవాడు. చొక్కా పైకెత్తమన్నాడు, ప్యాంటు మోకాళ్లదాకా దించమన్నాడు, ఒకసారి గుండ్రంగా తిరగమన్నాడు. వేరేవాళ్ల మూత్రం దాచిన గొట్టాలేమీ లేవని చూసుకోవాలట. మామ తిరిగాడు. ఆ మనిషి కళ్లు కప్పు మీద ఆనించి, అడుగు దూరంలో నిలబడ్డాడు.

మామ ఆ కప్పుని కొంతసేపు చూశాడు. ప్యాంటు పైకి లాక్కుని బెల్టు పెట్టుకున్నాడు. కప్పుని అరమీద పెట్టాడు.

“నేనివ్వను,” అన్నాడు.

“సార్, నీళ్లు తాగండి, టైముంది. వెళ్లిపోతే నిరాకరణ అని రాయాలి.”

“రాయండి. క్రితంసారి రాసింది అబద్ధం. ఇది నిజం.”

ఆ తర్వాత ఆయన మళ్లీ ట్యాంకరు ఎక్కలేదు. వేరే కంపెనీలకి వెళ్తే, పాత కంపెనీని అడిగి తెలుసుకుంటామనేవారు. అడిగాక కబురు ఉండేది కాదు. చివరికి ఒక కలప అడితిలో దుంగలు కొలిచి పేర్చే పనికి కుదిరాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు.

ఒక సాయంత్రం పొడుగాయన అడితికి వచ్చాడు. చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని అన్నాడు. “మామా, నాకూ అంతే. మా ఇంట్లో కూడా తెలీదు. నా పేరు ఇంకా రాలేదు.”

మామకి ఒక్కసారిగా ఒళ్లు మండింది. అందరితో కలిసి నవ్వినవాడు. తనకోసం ఒక్క మాట చెప్పగలిగీ చెప్పనివాడు. కొలుస్తున్న దుంగ కొలత పూర్తిచేసి, అతని వైపు తిరిగాడు.

“రేపే డాక్టరు దగ్గరికెళ్లు. చిన్నప్పటినుంచీ ఉందని చెప్పి రాయించుకో. పేరు వచ్చాక రాయిస్తే పనికిరాదు. సిగ్గుపడకు.”

పొడుగాయన వెళ్లాడు, రాయించుకున్నాడు. అతని పేరు వచ్చినప్పుడు అతనికీ రాలేదు. కంపెనీ డాక్టరు ఆ పాత కాగితం ఒప్పుకుని పరీక్ష రద్దు చేయించింది. అతను ఇంకా ట్యాంకరు నడుపుతున్నాడు. తనకి ఆ ఇబ్బందుందని డిపోలో మాత్రం ఈనాటికీ చెప్పలేదు. మామ గురించి మాటలొస్తే లేచి బండి టైర్లు చూసుకోవడానికి వెళ్తాడని బావమరిది చెప్పాడు.

మామ ఆ సంగతి విని లేచాడు. అడితిలో కొత్తగా దిగిన లారీలోంచి దుంగలు దొర్లించాలి. చేతికి గుడ్డ చుట్టుకుని అటు నడిచాడు.