ఏడో లాగుడుకి నీళ్ళు

ఐదేళ్ళుగా ఒక ఖాళీ డబ్బాను మోస్తున్నాను. ఖాళీ డబ్బాకి బరువేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. ఆ రోజు నేనూ నవ్వించాలనే చూశాను.

అప్పుడు న్యూజెర్సీలో ఎమ్మెస్ చదువుతున్నాను. పై అంతస్తులో ఉండే హారికక్క నైలు నది ఒడ్డున పిరమిడ్‌లు కట్టినవాళ్ళ మీద పరిశోధన చేసేది. కొరడాలూ బానిసలూ తప్ప నాకేమీ తెలియదు. అక్క క్లాసు పీకింది. వాళ్ళు జట్లుగా పనిచేశారు. పెద్ద జట్టుకో పేరు, దాని లోపల చిన్న దళాలు, దళానికొక అధికారి. లోపల పెట్టే రాళ్ళ మీద కూడా ఎర్ర రంగుతో జట్టు పేరు రాసుకునేవారు. తిండికి మట్టి మూసల్లో కాల్చిన రొట్టె, బీరు, దూరం నుంచి తోలుకొచ్చిన పశువుల మాంసం. నలభైమంది పడవ జట్టు ఒకటి నది అవతలి గనిలో తెల్ల సున్నపురాయి ఎక్కించుకుని, వరద నీళ్ళు కాలవల్లోకి వచ్చిన కాలంలో పిరమిడ్ కాళ్ళ దగ్గరికి చేర్చేది. పది రోజుల్లో రెండు మూడు సార్లు. వాళ్ళ అధికారి ఏ రోజు ఏం చేశారో వరసగా రాసిపెట్టాడట. "అంటే అప్పుడే సాఫ్ట్‌వేర్ వాళ్ళ రోజువారీ స్టాండప్ మీటింగా?" అన్నాను. అక్క నవ్వలేదు. నాకు అదొక్కటే నచ్చదు.

ఆమె పరీక్షించదలచింది ఒక సమాధి గోడ మీది బొమ్మని. చక్రాల్లేని చెక్క బండి మీద పెద్ద విగ్రహాన్ని తాళ్ళతో లాగుతుంటారు. బండి ముందు ఒకడు ఇసుక మీద నీళ్ళు పోస్తుంటాడు. విగ్రహం మోకాళ్ళ మీద నిలబడి ఇంకొకడు చప్పట్లతో తాళం వేస్తుంటాడు. పొడి ఇసుక బండి ముందు కుప్పగా పోగై అడ్డుపడుతుంది. తగినంత తడిస్తే గట్టిపడి, లాగే బలం దాదాపు సగానికి తగ్గుతుంది. ఎక్కువ పోస్తే బురద. అంటే నీళ్ళు పోసేవాడు అలంకారం కాదు. బొమ్మలోలాగే ఇసుక మీద బండ లాగించి చూద్దామంది అక్క, నీళ్ళు పోసే పని నాకిచ్చింది. అక్కడే తప్పు జరిగిందనుకోండి.

తాళం వేసింది అక్క నాన్నగారు. ప్రకాశం జిల్లాలో గ్రానైట్ క్వారీ మేస్త్రీగా చేసి రిటైరై, ఆర్నెల్లు ఉందామని వచ్చారు. టన్ను బండ, ఇరవైమంది స్టూడెంట్లు. నేను నీళ్ళు పోసి చెయ్యెత్తాలి. చెయ్యి చూశాక ఆయన చప్పట కొట్టాలి, ఆ దెబ్బకి అందరూ ఒక్కసారిగా లాగాలి. ఆరు లాగుళ్ళు చక్కగా జరిగాయి. అమెరికా వచ్చాక ఆయన మొహంలో అంత కళ నేను చూడలేదు.

ఏడోదానికి ముందు నేను రాజుగారి వేషం కట్టి, డబ్బాలో నీళ్ళన్నీ జనం మీద చల్లాను. బాగా నవ్వారు. ఆ నవ్వుల్లో డబ్బా ఖాళీ అయిందని ఎవరూ గమనించలేదు. కుళాయి దూరం. తిరిగి నింపుకొస్తే నవ్వు చల్లారిపోతుంది. ఒక్క లాగుడుకి ఏమవుతుందిలే అనుకున్నానా? అసలు ఏమైనా అనుకున్నానా? చెయ్యెత్తాను.

బండి కదల్లేదు. బలమంతా పెట్టిన ముందు వరసవాడి కాలు జారింది, వెనకవాళ్ళు వాడి మీద పడ్డారు. వాడి మణికట్టు విరిగింది. అందరూ తొక్కేసిన ఇసుకలో తడేదో పొడేదో ఎవరికీ తెలియలేదు.

అంకుల్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

"బాబూ, ఆ మాటు నీళ్ళు పడ్డాయా?"

"పడ్డాయి అంకుల్."

"చూసే పోశావుగా?"

"చూసే పోశాను."

"అయితే వాళ్ళు తాళ్ళు బిగించకముందే నా చప్పట పడింది. ముప్పై ఏళ్ళు రాళ్ళ మధ్య బతికా. ఒక్కడికీ దెబ్బ తగలనీలా."

అంతే. ఆ మణికట్టు కుర్రాడికి క్షమాపణ చెప్పడానికి ఆయన హాస్పిటల్‌కి కూడా వెళ్ళారు. కారు డ్రైవ్ చేసింది నేనే. దారిలో ఒక జోకు కూడా వేశాను. ఏ జోకో గుర్తులేదు, ఆయన మర్యాదకి నవ్వడం గుర్తుంది.

అక్క థీసిస్‌లో ఒక వాక్యం ఉంది: నీటిలో మార్పు లేకపోయినా, తాళం తప్పితే జట్టు కూలుతుంది. కన్నతండ్రి తప్పని నమ్మి, దాచకుండా రాసింది. నిజాయితీ అంటే ఏమిటో నాకు చూపించడానికే రాసినట్టుంటుంది చదివినప్పుడల్లా.

మొన్న అక్క మెసేజ్ పెట్టింది. ఆ అధ్యాయం ఒక పరిశోధన పత్రికకి పంపితే, ఏడో లాగుడుకి ఇసుక తడిసిందనడానికి ఆధారమేమిటని అడిగారట. "నువ్వేగా సాక్షివి, రెండు ముక్కలు రాసివ్వు" అంది.

రెండు ముక్కలే రాశాను. నీళ్ళు పోయలేదక్కా. పోయకుండానే చెయ్యెత్తాను.

నవ్వు బొమ్మ పెట్టబోయి ఆగాను. నా జీవితంలో నేను ఆపుకున్న మొదటి జోకు బహుశా అదే.

తర్వాత ఒక్క లైను వచ్చింది: "నాన్నకి నువ్వే చెప్పు."

క్షమించానని అనలేదు. అనాల్సిన పనీ లేదు. రేపు ఆదివారం, ఆయనకి ఫోన్ చెయ్యాలి. వినగానే ఏమంటారో తెలియదు. ఫోన్ పెట్టేస్తే పెట్టేయవచ్చు. కానీ ఈసారి ఆయన అడక్కముందే చెబుతాను.