నాన్న తీసెయ్యమన్న వాక్యం

ఆ పిల్లకు తూనీగ అని పేరు పెట్టింది వాళ్ల నాన్నే. ఒకచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. బీకాం పరీక్షలు కూడా కాళ్లూపుకుంటూనే రాసి పాసైంది. అలాంటిది ఇప్పుడు ఒక్క పేజీ ఉత్తరం ముందు కూర్చుని లేస్తోంది, లేచి కూర్చుంటోంది. కిటికీ దాకా వెళ్తుంది, కుళాయి కట్టేసిందో లేదో చూస్తుంది, మళ్లీ వచ్చి లాప్‌టాప్ తెరుస్తుంది. పక్కన మిషను కుట్టుకుంటున్న వాళ్లమ్మకు ఆ తిరుగుడు చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి.

నీళ్ల పంపులు చేసే ఒక పెద్ద కంపెనీ, ఇంటర్నల్ ఆడిట్‌లో ట్రైనీలు కావాలని ప్రకటన ఇచ్చింది. కంపెనీ పనులు పెట్టుకున్న పద్ధతి ప్రకారమే సాగుతున్నాయా లేదా అని సొంత మనుషులే వెళ్లి పరీక్షించే విభాగం అది. బయోడేటాతో పాటు ఒక పేజీ కవరింగ్ లెటర్ పంపమన్నారు. తూనీగకు ఆ పనంటే ప్రాణం. కాలేజీలో కదలకుండా విన్న క్లాసు ఏదైనా ఉందంటే అది ఆడిటింగే. చిక్కల్లా ఒకటే. ఆ కంపెనీ ఫ్యాక్టరీలో విడిభాగాల స్టోర్స్‌కీపరు వాళ్ల నాన్న.

మొదట అందరిలాగే ‘కష్టపడి పనిచేస్తాను, నలుగురితో కలిసిపోతాను’ అని రాసింది. చదువుకుని తనకే ఒళ్లు మండింది. ఈ ముక్క రాయనివాళ్లు ఎవరుంటారు? అది కొట్టేసి, తన ప్రాజెక్టు గురించి రాసింది. ఒక చెప్పుల దుకాణంలో ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసింది. లెక్కలన్నీ కలిశాయి గానీ, ఆర్డరిచ్చే మనిషే సరుకూ దించుకుంటున్నాడని, ఆ రెండు పనులూ ఒకరి చేతిలోనే ఉండకూడదని కనిపెట్టింది. ఉత్తరం బాగానే కుదిరింది. అప్పుడు చివర్లో ఇంకో వాక్యం చేర్చింది. ‘మీ ఫ్యాక్టరీ విడిభాగాల స్టోర్స్ చూసేది మా నాన్నగారు. ఈ సంగతి మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.’

సాయంత్రం నాన్న వచ్చి, చొక్కా మార్చుకోకుండానే చదివాడు. చెప్పుల దుకాణం దగ్గర మురిసిపోయాడు. ఆఖరి వాక్యం దగ్గర మొహం మాడిపోయింది.

“అంతా బాగుంది గానీ, ఆ లైను తీసెయ్యమ్మా.”

“ఎందుకు నాన్నా?”

“నా పేరు చెప్పుకుని వచ్చిందంటారు.”

“చెప్పకపోతే దాచిపెట్టి వచ్చిందంటారు. ఆడిట్ చెయ్యడానికొచ్చే మనిషి అక్కడ తనవాళ్లెవరున్నారో మొదటే చెప్పాలి. మాకు నేర్పిన మొదటి పాఠం అదే.”

“నీ పాఠాలు నాకెందుకు? తీసెయ్యమన్నానా?”

నాన్న గొంతు పెంచే మనిషి కాదు. మిషను ఠక్కున ఆగిపోయింది. “కూతురితో ఆ మాట తీరేంటి?” అంది అమ్మ.

నాన్న నీళ్లు తాగాడు. గ్లాసు పెట్టేసి, కిందికి చూస్తూ చెప్పాడు. “బేరింగు కథ గుర్తుందా తల్లీ?”

గుర్తుండకపోవడమేం! ఆ ఇంట్లో రోజూ భోజనాల దగ్గర స్టోర్స్ కబుర్లే. ఏ బెల్టు తెగింది, ఏ ఫిట్టరు ఎవరిమీద ఎగిరాడు, అన్నీ అభినయంతో సహా. తూనీగ పెరిగిందే ఆ కబుర్లు తింటూ. అన్నింటికీ రాజులాంటిది బేరింగు కథ. పంపులు బిగించే లైను ఆగిపోయింది, ఫిట్టరు పరుగెత్తుకొచ్చాడు, సరుకివ్వాలంటే సూపర్‌వైజరు సంతకంతో స్లిప్పు రావాలి, సూపర్‌వైజరేమో ఎక్కడా కనబడడు. నాన్న ‘స్లిప్పు తర్వాత చూద్దాం, ముందు పట్టుకుపో’ అని బేరింగు ఇచ్చేశాడు. లైను నడిచింది. అందరూ భుజం తట్టారు. ఆడిటింగ్ క్లాసులో స్లిప్పు లేకుండా సరుకివ్వడం తప్పని విన్నరోజు తూనీగకు ఆ బేరింగే గుర్తొచ్చింది. నాన్నతో మాత్రం ఆ మాట అనలేకపోయింది.

“పోయినేడాది మీ ఆడిటోళ్లు అదే పట్టుకున్నారమ్మా. ఆ ఒక్కసారే కాదు, చాలాసార్లు ఇచ్చానని తేల్చారు. రిపోర్టులో రాశారు. నేను సంజాయిషీ రాసిచ్చాను. నీకు సగం కథే చెప్పాను.” ఆయన కళ్లెత్తలేదు. “ఆ రిపోర్టున్న గదిలో నువ్వు కూర్చుంటావు. నా బిడ్డ ముందు నాకు తల కొట్టేసినట్టు ఉండదా?”

తూనీగకు ఏడుపొచ్చింది. నాన్న తప్పు చేశాడని కాదు. అంత అవమానం కడుపులో పెట్టుకుని, అదే నవ్వుతో రోజూ కబుర్లు చెప్పినందుకు.

“ఆ వాక్యం లేకుండా నేను పంపలేను నాన్నా. అది వద్దంటే అసలు పంపడమే మానేస్తాను.”

నాన్న ఉత్తరం మళ్లీ మొదటినుంచీ చదివాడు. చివరికి లేచి వెళ్తూ, “ఉద్యోగం మానుకోమని నేనన్నానా? పంపు” అన్నాడు. తూనీగ పంపేసింది.

ఇక చూడాలి ఆ పిల్ల అవస్థ. ఫోన్ మోగితే ఉలికిపాటు, మోగకపోతే ఉక్కిరిబిక్కిరి. ఆ ఒక్క వాక్యంతో చేతులారా చెడగొట్టుకున్నానేమో అని ఒకసారి, చెడినా సరే అని ఇంకోసారి. వాళ్లమ్మ విసిగిపోయి గుండీలు కుట్టే పని చేతికిచ్చింది. అన్నీ వంకరగా కుట్టింది. ఆఖరికి ఇంటర్వ్యూకి రమ్మని కబురొచ్చింది.

ఆడిట్ మేనేజరు పొట్టి జుట్టు పెద్దావిడ. ఎదురుగా ఉత్తరం ప్రింటు, ఆఖరి వాక్యం కింద పెన్సిల్ గీత.

“మీ నాన్నగారి స్టోర్స్‌లో తప్పు కనిపిస్తే రాస్తారా?”

రాస్తానని చెప్పాలని ఎవరికైనా తెలుసు. ఆ మాట నాలిక దాకా వచ్చింది కూడా.

“ఏమోనండి. రాస్తానని ఇక్కడ చెప్పడం తేలిక. అక్కడ నిలబడ్డాక రాయగలనో లేదో నాకే తెలీదు. రాసినా, తగ్గించి రాసి నాన్నని కాపాడానని కొందరు, కావాలని పట్టించానని కొందరు అంటారు. అందుకే నన్ను అక్కడికి పంపకండి. అది చెప్పడానికే ఆ వాక్యం రాశాను.”

ఆవిడ కళ్లజోడు తీసి పెట్టింది. “మిమ్మల్ని తీసుకుంటే ఆ ఫ్యాక్టరీ పని మీకివ్వం. ఆ ఫైళ్లూ మీరు తెరవకూడదు. ఇక్కడ చూసినవి ఇంట్లో చెప్పకూడదు. ఆ స్టోర్స్ సంగతులు ఇంట్లో మీ చెవిన పడ్డాయంటే, విననట్టు ఊరుకోవడానికీ వీల్లేదు. వచ్చి నాకు చెప్పాలి. ఆలోచించుకోండి.”

ఆలోచించుకుంది. చేరిపోయింది. ఆ రిపోర్టు ఉన్న బీరువా తన కుర్చీ వెనకే ఉన్నా, దానికి వీపు పెట్టే కూర్చుంది. ఇంట్లో మాత్రం నాన్న కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. స్టోర్స్ ఊసెత్తలేదు.

ఒకరోజు ఆయన ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఈల వేస్తున్నాడు. కంచాల ముందు కూర్చోగానే పాత వెలుగంతా మొహంలోకొచ్చింది. చేతులు గాల్లోకి లేచాయి.

“ఇవాళ ఏమైందో తెలుసా తూనీగా? లైను ఆగింది. అదే ఫిట్టరు, అదే పరుగు. ‘అన్నా, బేరింగు!’ అన్నాడు. ఈసారి నేనేం చేశానో...”

“నాన్నా, చెప్పకు.”

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“నేను వినకూడదు నాన్నా. మంచైనా సరే, చెడైనా సరే.”

ఏం చేశాడో ఆయన మొహం మీదే రాసుంది. కూతురికి చెప్పాలనే దారంతా ఈల వేసుకుంటూ వచ్చాడని తూనీగకు తెలుస్తూనే ఉంది. నాన్న మెల్లగా చెయ్యి దించుకున్నాడు. చిన్నబుచ్చుకున్నది కనబడనివ్వకుండా నవ్వాడు.

“సరేలే. పోనీ నువ్వు చెప్పు. మీ ఆఫీసులో ఏం జరిగింది?”

తూనీగ తల దించుకుంది. “అదీ చెప్పకూడదు నాన్నా.”

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నాన్న కంచంలో ఇంకాస్త వడ్డించింది. ముగ్గురూ మాటల్లేకుండా తిన్నారు. తూనీగ భోజనం అయ్యేదాకా ఒక్కసారి కూడా లేవలేదు.