నాలుగో కుర్చీ మీది పైకప్పు

ఆసుపత్రి అడుగు అంతస్తులో, నీళ్ల పంపుల గది పక్కన కిటికీ లేని గది ఒకటుంది. ఫిర్యాదులన్నీ అక్కడికే వస్తాయి. వాటిని అందుకునే ఆవిడని మెకానిక్కులు ప్రూఫమ్మ అంటారు. పూర్వం ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ప్రెస్సు మూతపడ్డాక, ఇదే ఆసుపత్రిలో ఏసీ మెకానిక్కుగా ఉన్న మరిది ఆమెకి ఈ ఉద్యోగం చూపించాడు.

జనం ఫోనులో అరుస్తారు, ఆమె రాస్తుంది. "ఏసీ ఉందా చచ్చిందా? ఇక్కడ ఉడికిపోతున్నాం, మీకేం, కింద చల్లగా కూర్చుంటారు!" అని ఎవరో అంటే కంప్యూటర్లో ఇలా పడుతుంది: "మూడో అంతస్తు, ఎక్స్‌రే గది బయటి వరండా. ఏసీ గాలి వస్తోంది, చల్లదనం లేదు. ప్రయారిటీ మూడు." బాత్రూము గురించి ఒక పెద్దమనిషి పావుగంట తిట్టిన తిట్లు కూడా ఆమె చేతిలో ఒక్క వాక్యమవుతాయి. ఏడుపు తీసేయాలి, చోటు ఉంచాలి. ఆ కత్తిరింపు మీద ఆమెకి కొంచెం గర్వం కూడా.

నిప్పు, పొగ, కరెంటు మీద నీళ్లు, మనుషుల ప్రాణానికి ముప్పు అయితే ప్రయారిటీ ఒకటి. పేషెంట్ల గదిలో ఏసీ పూర్తిగా ఆగితే రెండు. మిగతా ఇబ్బందులన్నీ మూడు. ఇంకో నియమం, ఫిర్యాదు నమోదు చేసే ఒక్కో టికెట్టుకి ఒకే పని, అది ఒకే జట్టుకి వెళ్లాలి.

సోమవారం డయాలసిస్ గది నుంచి హెడ్ సిస్టర్ ఫోన్ చేసింది.

"ప్రూఫమ్మా, నాలుగో కుర్చీ మీద చుక్కలు పడుతున్నాయి. పైనున్న ఏసీ నుంచే అనుకుంటా. కింద నేలంతా తడి, ఎవరైనా జారిపడతారు. కుర్చీ కాస్త జరుపుదామంటే జరగదు. ఆ పైకప్పు పలక కూడా కాస్త పొట్ట వేసినట్టుంది, చూస్తే ఏదోలా ఉంది..."

"మిషను మీద పడుతున్నాయా?"

"లేదు. కుర్చీ చివర, కాళ్ల దగ్గర."

మిషను మీద కాదు కాబట్టి మూడు. ఏసీ వాళ్లకి ఒక టికెట్టు: "నాలుగో కుర్చీ పైన ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయి." క్లీనింగు వాళ్లకి ఒకటి: "నేల తడి, తుడవాలి." వడ్రంగికి ఒకటి: "కుర్చీ రెండడుగులు జరపాలి." పొట్ట సంగతి దేనిలోనూ ఇమడలేదు. "ఏదోలా ఉంది" అనేది చోటూ కాదు, పనీ కాదు. తీసేసింది.

సాయంత్రానికి మూడూ తెర మీద పచ్చగా మారాయి, అంటే పని ముగిసినట్టు. మరిది ఏసీ కింద నీళ్లు పట్టే డ్రెయిన్ ట్రే కడిగాడు. ఆయా నేల తుడిచింది. వడ్రంగి "సాధ్యం కాదు" అని మూసేశాడు. మిషనుకి నీళ్లు గోడలోంచి వస్తాయి, ఆ గొట్టం ఎంత పొడుగుంటే మిషనూ, కుర్చీ అంత దూరమే జరుగుతాయి.

బుధవారం మళ్లీ చుక్కలు. మళ్లీ మూడు టికెట్లు, మళ్లీ మూడూ పచ్చ.

"నేను చెప్పేది ఒకటి, మీరు పంపేది ముగ్గురిని. ముగ్గురూ వచ్చి ఎవరి కాళ్ల దగ్గర వాళ్లు చూసుకుని పోతున్నారు" అంది హెడ్ సిస్టర్.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ ప్రూఫమ్మ మరిదిని అడిగింది. "పైకెక్కి పలక తీసి చూశావా?"

"ఎందుకు చూస్తాను వదినా? నువ్వు రాసిందేంటి, ఏసీ నీళ్లు కారుతున్నాయని. కారడం ఆపాను. పైకప్పు విప్పమని రాస్తే విప్పేవాడిని. అది విప్పాలంటే పేషెంట్లని లేపాలి, లేపాలంటే పెద్ద ఇంజినీరు సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టే వేళకి నా గడ్డం నెరుస్తుంది."

"మళ్లీ కారితే?"

"మళ్లీ కడుగుతా. ఈ నెలాఖరుకి నన్ను పర్మనెంటు చేస్తారు. అప్పటిదాకా తిరగదోడిన టికెట్టు నా పేరు మీద ఒక్కటీ పడకూడదు. నువ్వు మాత్రం నా నెత్తి మీదికి తేకు తల్లీ." నవ్వుతూనే అన్నాడు. కానీ ఆమె డబ్బాలోంచి ఏమీ తీసుకోకుండానే లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున హెడ్ సిస్టర్ గొంతులో కాస్త ఊరట వినపడింది. "నీళ్లు ఆగిపోయాయమ్మా, నిన్నటి నుంచి చుక్క లేదు. మీ మరిదికి చెప్పు. కాకపోతే నాలుగో కుర్చీ మీద తెల్ల పొడి రాలుతోంది, ఎవరినైనా తుడవమను. కుర్చీలో ఉన్న మాస్టారు, పౌడరు ఉచితంగా కొడుతున్నారని ఒకటే జోకులు."

ప్రూఫమ్మ రాయడం మొదలుపెట్టింది. "డయాలసిస్ గది, నాలుగో కుర్చీ. తెల్ల పొడి. తుడవాలి. ప్రయారిటీ..."

వేళ్లు ఆగాయి.

రెండుసార్లు కడిగినా ఆగని నీళ్లు ఉన్నట్టుండి ఎలా ఆగాయి? కారనివి ఎక్కడికి పోతున్నాయి?

"సిస్టర్, సోమవారం పలక గురించి ఏదో అన్నారు. పొట్టా?"

"అవును. ఇప్పుడింకా దిగింది. నిండు గర్భిణి పొట్టలా ఉంది. కొసల్లో పగులు కూడా."

"దాని కింద ఎవరున్నారు?"

"మాస్టారే. ఇంకా రెండు గంటలు ఉంటారు."

ప్రూఫమ్మ రాసింది మొత్తం చెరిపేసింది. మళ్లీ రాసింది: "డయాలసిస్ గది, నాలుగో కుర్చీ. పైకప్పు పలక నీళ్లతో ఉబ్బి పొట్టలా దిగింది, పగిలి పొడి రాలుతోంది. సోమవారం నుంచి కారిన నీళ్లు నిన్న ఆగాయి, పైన నిలుస్తున్నాయేమో. కింద పేషెంటు ఉన్నాడు. గది ఖాళీ చేయాలి. ప్రయారిటీ ఒకటి." పంపింది.

ప్రయారిటీ ఒకటి పడితే అందరి ఫోన్లూ ఒక్కసారే మోగుతాయి. ముందు పెద్ద ఇంజినీరు. "డయాలసిస్ ఆపించడమంటే ఏంటో తెలుసా? ఎవరు చూశారు? మీరు చూశారా?"

"చూడలేదు సార్. సిస్టర్ చూసింది."

"ఏమీ కాకపోతే మాత్రం మీతో మాట్లాడాల్సి ఉంటుంది."

తర్వాత మరిది. పరుగెడుతున్నట్టు ఊపిరి. "వదినా, ఏం చేశావు? అది నా టికెట్టు. వెనక్కి తీసుకో. రెండు నిమిషాల్లో నేను చూసి చెబుతా, అప్పుడు ఏది రాస్తావో రాయి."

"నువ్వు దాని కిందికి వెళ్లకు."

"ఇంట్లో ఏం ముఖం పెట్టుకుని కూర్చుంటావు?"

"కిందికి మాత్రం వెళ్లకు" అంది. ఫోను అప్పటికే కట్ అయింది.

డయాలసిస్ పేషెంటుని ఉన్నపళాన లేపలేరు. గొట్టాల్లో ఉన్న రక్తం ఒంట్లోకి తిరిగి ఎక్కించాలి, సూదులు తీయాలి, రక్తం ఆగేదాకా నొక్కి పట్టాలి. సిస్టర్లు ముందు మాస్టారుని విడిపించారు. ఆయన్ని చక్రాల కుర్చీలో గుమ్మం దాటిస్తుండగా మరిది నిచ్చెనతో లోపలికొచ్చాడు. హెడ్ సిస్టర్ వద్దంటున్నా నిచ్చెన వేశాడు. స్క్రూడ్రైవరు మొనతో పలకని కాస్త తాకాడు.

పలక, దాని వెనక నానిన దూదిలాంటి మందపాటి చుట్టు, బిందెలకొద్దీ నీళ్లు ఒక్కసారి దిగాయి. నాలుగో కుర్చీ తల ఆనే చోట విరిగింది. మరిది నిచ్చెనతో సహా పక్కకి పడ్డాడు. భుజం ఎముక విరిగింది.

పైన చల్లటి నీళ్లు పారే పైపుకి చుట్టిన తొడుగు చిరిగి, పైపు చెమట పట్టి, ఆ చెమటంతా పలకలో ఇంకుతోంది. కడిగిన ట్రేకి దానితో సంబంధమే లేదు.

సాయంత్రం ప్రూఫమ్మ మరిదిని పడుకోబెట్టిన వార్డుకి వెళ్లింది. అతను గోడవైపు తిరిగాడు. తోటికోడలు బయటికొచ్చి, "ఇప్పుడు మాట్లాడించకు అక్కా. నెలాఖరు సంగతి ఇంకా చెప్పలేదు ఆయనకి" అంది. ఆ సంగతి ఏమిటో ప్రూఫమ్మ అడగలేదు.

మర్నాడు పెద్ద ఇంజినీరు కిందికి దిగొచ్చాడు. మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. "అదే పైపు ఇంకెక్కడెక్కడికి పోతుందో ఏసీ వాళ్లు చూస్తున్నారు. మీ దగ్గర పాత టికెట్లుంటాయిగా. నీళ్లు కారడం అని వెతకండి."

వెతికింది. డయాలసిస్ గదివి తప్ప ఏమీ రాలేదు. ఈసారి "పొడి" అని కొట్టింది.

నిన్నటిది కాక నాలుగు వచ్చాయి. నాలుగూ పసిపిల్లల వార్డు నుంచే. నాలుగూ తెల్ల పొడి, తుడవాలి, ప్రయారిటీ మూడు. నాలుగూ పచ్చ. భాష చాలా శుభ్రంగా ఉంది. ఆ ఫోన్లు చేసినవాళ్లు అసలు ఏమన్నారో ఎంత గుర్తుచేసుకున్నా గుర్తు రాలేదు.

ఆమె పసిపిల్లల వార్డుకి ఫోన్ కలిపింది. అటువైపు మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.