గడప దగ్గర ఎనిమిది

నా భార్య పోయాక చూడవచ్చినవాళ్లు ఆమె ఓపిక గురించి, చేతివంట గురించి మాట్లాడుతున్నారు. అవన్నీ నిజమే. నాకు మాత్రం మా పెళ్లినాటి ఒక లెక్క ఎక్కువగా గుర్తొస్తున్నది.

అప్పట్లో నేను నారాయణఖేడ్ సర్కారు బడిలో లెక్కలు చెప్పడానికి కొత్తగా చేరాను. నాతోపాటు లెక్కలు చెప్పే మిత్రుడు తన చెల్లెలిని నాకిచ్చి చేశాడు. చెల్లెళ్లిద్దరికీ చదువు ఇంట్లో అతనే చెప్పాడు. ఆ రోజుల్లో అక్కడి బళ్లకు వారం సెలవు శుక్రవారం గనుక ఆ రోజే పెళ్లి పెట్టుకున్నాం. దాంతో నా తరగతి పిల్లలు సగంమంది భోజనానికి పందిట్లోకి దిగారు.

తలంబ్రాలయ్యాక కొంగుముడితో ఇంట్లోకి పోబోతుంటే మరదలు గడపకు అడ్డం నిలబడింది. పేరు చెప్పమంటుందేమోనని గొంతు సవరించుకున్నాను.

"పేరు అందరు చెప్తరు బావా. నువ్వు లెక్కల సారువి గదా. గీ లెక్క చెప్పి లోపలికి రా."

గడప ముందు ముగ్గుపిండితో ఒక వృత్తం, ఒక త్రిభుజం, ఒక చతురస్రం ఒకదానిమీద ఒకటి పడేటట్టు గీసి ఉన్నాయి. లోపల సుద్దతో అంకెలు. వృత్తంలో మాత్రమే పడే చోట 2, 6, 14. త్రిభుజంలో మాత్రమే 5, 15, 35. ఆ రెండూ కలిసినచోట 10, 30. వృత్తం, చతురస్రం కలిసినచోట 4, 16. మూడూ కలిసిన నడుమ 100. చతురస్రంలో వృత్తం బయట మిగిలిన రెండు గదులూ ఖాళీ. ఏ గీత లోపల ఎట్లాంటి అంకెలు ఉంటాయో నేను చెప్పాలి.

పిల్లలు చుట్టూ మూగారు. ఇక్కడ తప్పితే రేపు బడిలో నా మాట ఎవడూ వినడని నాకు తెలిసిపోయింది.

"మూడు మూలలున్నది మూడో ఎక్కం!" అని మా చిన్నాన్న వెనకనుంచి అరిచాడు.

"అయిదు, పది మూడో ఎక్కంల ఎప్పుడు చేరినయి మామా?" అన్నది మరదలు. అందరూ నవ్వారు.

నేను నింపాదిగా చెప్పాను. వృత్తంలోవి సరిసంఖ్యలు. త్రిభుజంలోవి అయిదో ఎక్కం. చతురస్రంలోవి నాలుగో ఎక్కం. నాలుగో ఎక్కంలో ఏది తీసుకున్నా సరిసంఖ్యే, వృత్తం దాటి పోలేదు, అందుకే ఆ రెండు గదులూ ఖాళీ. నా వివరణ నాకే బాగా నచ్చింది.

"అట్లనా? అయితే ఎనిమిదిని ఏడ పెడ్తవు?"

సుద్ద తీసుకుని 4, 16 పక్కన 8 రాశాను. మరదలు వంగి దాన్ని చేత్తో తుడిచి, 2, 6, 14 దగ్గర రాసింది.

"తప్పింది బావా! ఇగ అన్నం పందిట్లనే తిను."

పిల్లలు కేరింతలు కొట్టారు. నా మిత్రుడు స్తంభం చాటున నవ్వుతున్నాడు. నాలుగు లోపల, ఎనిమిది బయట. అంకెలను మళ్లీ మొదటినుంచి చూడసాగాను.

అప్పుడు పక్కనుంచి, తల ఎత్తకుండానే, పెళ్లికూతురు మెల్లగా అడిగింది. "తొమ్మిది ఏడ పోతది?"

అది నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట. తొమ్మిది బేసి. అయిదో ఎక్కంలోదీ కాదు. ఈ బొమ్మలో దానికి చోటుంటే అది చతురస్రంలోని ఖాళీ గదే. మూడు మూళ్లు తొమ్మిది! రెండు రెళ్లు నాలుగు, నాలుగు నాలుగులు పదహారు, పది పదులు నూరు. చతురస్రంలోవి ఒక అంకెను అదే అంకెతో హెచ్చిస్తే వచ్చేవి. ఎనిమిది అట్లా రాదు. తొమ్మిదిని ఒక ఖాళీ గదిలో రాశాను. త్రిభుజంతో కలిసిన రెండో ఖాళీలో 25 రాశాను.

"అక్కా, నువ్వు మా దిక్కా, బావ దిక్కా?"

"ఏ దిక్కయితే ఏంది? కాళ్లు గుంజుతున్నయి, జరుగు."

లోపలికి పోయాం.

మరునాడు తరగతికి వెళ్తే నల్లబల్ల మీద అవే మూడు బొమ్మలు. చతురస్రంలో పెద్దగా 8. అందరూ నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. నేను 8 తుడిచి ఉండాల్సిన చోట రాశాను.

"మీకు పెళ్లికూతురు చెప్పింది గదా సార్," అన్నాడు ముందు వరసలో ఒకడు.

"ఆమె చెప్పలేదురా, తొమ్మిది అడిగింది. ఇప్పుడు మీరు అడగండి. చతురస్రం నాలుగో ఎక్కమా కాదా తేలాలంటే ఇంకా ఏ అంకె అడగొచ్చు?"

ఒకడు పన్నెండు అన్నాడు. ఇంకొకడు నలభై తొమ్మిది. గంట కొట్టేదాకా ఎవడూ కదల్లేదు. గంట కొట్టే వేళకు ఒకడు లేచి ముప్పై ఆరు అన్నాడు. నేను రాయబోతుంటే వెనక బెంచీవాడు వాడి చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"కూసోరా. ముప్పై ఆరు అడిగితే ఏం తెల్వది. అది నాలుగో ఎక్కంలనూ ఉన్నది, ఆరు ఆర్లకూ వస్తది."